టర్మ్ పాలసీ ప్యూర్ ప్రీమియం: 58,329ని 5తో భాగిస్తే సరిపోదా?

పద్దుల_పద్మ

అందరికీ నమస్కారం. గుంటూరులో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో పనిచేస్తూ, సాయంత్రాలు యాక్చూరియల్ పరీక్షకి సొంతంగా చదువుకుంటున్నాను. ఒక లెక్క దగ్గర ఆగిపోయాను.

35 ఏళ్ల మనిషి, 5 ఏళ్ల టర్మ్, కవర్ కోటి రూపాయలు. వడ్డీ 6 శాతం. చనిపోతే ఆ ఏడాది చివర్లో నామినీకి డబ్బు ఇస్తారు, బతికుంటే ఏమీ రాదు. మరణాల రేటు మొదటి ఏడాది వెయ్యికి 1.2, తర్వాత వరసగా 1.3, 1.4, 1.5, 1.6. కంపెనీ ఖర్చులు, కమిషన్, లాభం ఏవీ కలపకూడదు, ప్యూర్ ప్రీమియం మాత్రమే కావాలి.

మొత్తం ఒకేసారి కట్టేటట్టయితే ప్రీమియం ఎంత అన్నదానికి నాకు 58,329 వచ్చింది, పుస్తకం వెనక జవాబు కూడా అదే. సమస్య తర్వాతి ప్రశ్నతో. అదే పాలసీకి ఏటా సమానంగా కడితే ఎంత? మా ఆఫీసులో ఒకాయన 5తో భాగించేయమన్నారు, 11,666 వస్తుంది. పుస్తకంలో 13,095 ఉంది. ఏడాదికి 1,429 తేడా అంటే చిన్నది కాదు కదా. ఆ తేడా ఎక్కడ పుడుతోందో ఎవరైనా విడమరిచి చెప్పగలరా? సూత్రం నా దగ్గర ఉంది, అది ఎందుకు అలా ఉందో కావాలి.

రాజా_విజయనగరం

ఏ కంపెనీది తీసుకుంటున్నారండీ? ఆన్‌లైన్‌లో తీసుకుంటే తక్కువ పడుతుంది. క్లెయిమ్ సెటిల్‌మెంట్ శాతం చూసి తీసుకోండి. 5 ఏళ్లకి మాత్రం తీసుకోవద్దు, 60 ఏళ్లు వచ్చేదాకా ఉండేలా చూసుకోండి.

పద్దుల_పద్మ

రాజా గారూ, నేను పాలసీ కొనడం లేదండీ, లెక్క నేర్చుకుంటున్నాను. సలహాకి థాంక్స్.

ఈఎంఐ_శ్రీను

పద్మ గారూ, ఇది సింపుల్. 58,329 అనేది ఈరోజు విలువ. దాన్ని ఐదు వాయిదాల్లో కడుతున్నారంటే కంపెనీకి డబ్బు ఆలస్యంగా వస్తోంది, ఆ ఆలస్యానికి వడ్డీ వేసుకోవాలి. అంటే ఇది బ్యాంకు లోన్ లాంటిదే. నేను బ్యాంకులో లోన్స్ చూస్తాను, రోజూ చేసే లెక్కే. ఎక్సెల్‌లో ఇది కొట్టండి, ఏడాది మొదట్లో కట్టేది కాబట్టి చివర 1 పెట్టాలి:

```
=PMT(6%,5,-58329,0,1)
```

13,063 వస్తుంది. పుస్తకంలో 13,095 అంటే ఎక్కడో రౌండ్ చేసి ఉంటారు. 32 రూపాయల గురించి టెన్షన్ పడక్కర్లేదు.

పద్దుల_పద్మ

శ్రీను గారూ, 1,429లో చాలా భాగం మీ వడ్డీ మాటతో తేలిపోయింది, అది అర్థమైంది. కానీ ఆ 32 రౌండింగ్ అంటే నాకు నమ్మబుద్ధి కావడం లేదు. మిగతా జవాబులన్నీ వాళ్లు రూపాయితో సహా ఇచ్చారు.

పాత_యాక్చూరీ

నమ్మకండి అమ్మా, అది రౌండింగ్ కాదు. నేను ముప్ఫై ఏళ్లు ప్రైసింగ్ విభాగంలో ఉండి రిటైరయ్యాను, ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంటున్నాను. శ్రీను గారు ముప్పాతిక దూరం సరిగ్గానే వచ్చారు. లోన్ తీసుకున్నవాడు చనిపోయినా బాకీ పోదు, వారసులో హామీదారులో కడతారు. అందుకే పీఎంటీ సూత్రం ఐదు వాయిదాలూ తప్పకుండా వస్తాయనుకుంటుంది. టర్మ్ పాలసీలో మనిషి చనిపోతే ఆ తర్వాతి ప్రీమియం కట్టేవాడే ఉండడు. ఆ 32 రూపాయలు వాళ్లు కట్టకుండా పోయే వాయిదాల ఖరీదు, దాన్ని బతికున్నవాళ్ల ప్రీమియంలోనే కలపాలి.

ఒక్క మనిషిని పట్టుకుని సంభావ్యతలతో ఆలోచిస్తే ఇది కళ్లకి కనపడదు. లక్షమందిని ఊహించుకోండి, అందరూ 35 ఏళ్లవాళ్లే, అందరూ ఒకే రోజు ఇదే పాలసీ తీసుకున్నారు. మొదటి ఏడాది 120 మంది పోతారు. రెండో ఏడాది 1.3 అనేది మిగిలిన 99,880 మందికే వర్తిస్తుంది, అంటే దాదాపు 130 మంది. అలా వరసగా 140, 149, 159. మొత్తం 698 మంది. ఒక్కో మరణానికి కోటి కాబట్టి కంపెనీ ఐదేళ్లలో 698 కోట్లు ఇవ్వాలి. వడ్డీ సంగతే లేకపోతే తలకి 69,805 పడేది. కానీ మొదటి ఏడాది చివర్లో ఇవ్వాల్సిన 120 కోట్లకి ఈరోజు 113.2 కోట్లు చేతిలో ఉంటే చాలు, ఐదో ఏడాది చివర్లో ఇవ్వాల్సిన 159 కోట్లకి ఈరోజు 118.9 కోట్లు చాలు. ఐదింటినీ ఈరోజుకి దించి కలిపితే 583.3 కోట్లు, లక్షమందికి పంచితే మీ 58,329. డెత్ బెనిఫిట్ విలువని అంచనా కట్టి ఈరోజుకి తేవడం అంటే ఇంతే.

ఇప్పుడు వచ్చే డబ్బుకి కూడా అచ్చం అదే పని చేయాలి. ప్రతి ఒక్కరూ ఏటా ఒక్క రూపాయి కడతారనుకోండి. ఈరోజు లక్ష రూపాయలొస్తాయి. వచ్చే ఏడాది 99,880 మాత్రమే వస్తాయి, వాటి ఈరోజు విలువ 94,226. అలా ఐదూ కలిపితే తలకి 4.4542. పీఎంటీ లోపల ఉండేది 4.4651. అంత దగ్గరగా ఉండటానికి కారణం 35 ఏళ్ల వయసులో మరణాలు తక్కువ కావడమే. 58,329ని 4.4542తో భాగించండి, 13,095 వస్తుంది.

ఇచ్చేవైపు మరణాలు లెక్కపెట్టి, పుచ్చుకునేవైపు అందరూ బతికే ఉంటారని అనుకోవడం, నేను చూసిన కొత్తవాళ్లందరూ చేసే పని ఇదే. 35 దగ్గర అది 32 రూపాయలే, 65 ఏళ్ల వాళ్లకి పదిహేనేళ్ల పాలసీ ధర కట్టేటప్పుడు అది మిమ్మల్ని ముంచేస్తుంది.

ఈఎంఐ_శ్రీను

సార్, లోన్‌తో పోలిక అక్కడ తెగిపోతుందని ఇప్పుడు తెలిసింది. మా దగ్గర లోన్‌కి ఇన్సూరెన్స్ అంటగట్టేది కూడా ఇందుకేనేమో.

ఒక డౌట్. మీరు రెండో ఏడాదికి 99,880 మందిని తీసుకున్నారు. అంత కష్టపడకుండా 1.2, 1.3, 1.4 నేరుగా డిస్కౌంట్ చేసి కలిపేస్తే? నేను వేసి చూశాను, 58,483 వచ్చింది. 154 ఎక్కువ.

పాత_యాక్చూరీ

ఎక్కువ ఎందుకొచ్చిందో మీకే తెలియాలి. మొదటి ఏడాది పోయినవాళ్లని రెండో ఏడాది మళ్లీ చంపుతున్నారు. మరణాల టేబుల్లో 1.3 అంటే రెండో ఏడాది మొదటికి బతికున్నవాళ్లలో వెయ్యికి 1.3.

ఎన్‌ఆర్‌ఐ_డల్లాస్

కోడ్ రాసేవాళ్లకి ఇలా అయితే ఈజీ. నేను సరిచూశాను, 58,329, 4.4542, 13,095 మూడూ వచ్చాయి.

```
q = [0.0012, 0.0013, 0.0014, 0.0015, 0.0016]
v = 1 / 1.06
p, A, a = 1, 0, 0
for k, x in enumerate(q):
    a += p * v**k
    A += p * x * v**(k+1)
    p *= 1 - x
print(A * 1e7, a, A * 1e7 / a)
```

ఇందులో p అనేది ఆ ఏడాది మొదటికి బతికున్నవాళ్ల వాటా. a ఏడాది మొదట్లో వచ్చే ప్రీమియానికి కాబట్టి v కి k, A ఏడాది చివర్లో ఇచ్చే క్లెయిమ్‌కి కాబట్టి k+1. ఆ ఒక్క తేడా మర్చిపోతే లెక్క మొత్తం 6 శాతం తప్పుతుంది.

హన్మకొండ_మాస్టారు

ఇదంతా చదివాను. నాకొక బాధ ఉంది, ఇక్కడ చెప్పుకోవచ్చో లేదో. నేను పదేళ్లు టర్మ్ పాలసీ కట్టి, ఇంట్లో అవసరాలు పెరిగి ఆపేశాను. ఒక్క రూపాయి తిరిగి రాలేదు. చిన్న వయసులో రిస్క్ తక్కువ, అయినా సమానంగా కట్టించుకున్నారు, అంటే మొదట్లో నా దగ్గర ఎక్కువ తీసుకున్నట్టే కదా. ఆ ఎక్కువ డబ్బు ఎవరి జేబులోకి పోయింది? యాక్చూరీ గారు నిజాయితీగా చెప్పండి.

పాత_యాక్చూరీ

న్యాయమైన ప్రశ్న మాస్టారూ. మీ అనుమానంలో నిజం ఉంది, అది ఎంత పెద్దదో మాత్రం లెక్కవేసి చూడాలి. పద్మ గారి ఐదేళ్ల పాలసీనే తీసుకుందాం, కంపెనీ ఖాతాలోకి దిగి చూద్దాం.

మొదటి ఏడాది రిస్క్‌కి మాత్రమే కడితే 11,321 చాలు. కోటికి వెయ్యికి 1.2 అంటే 12,000, ఏడాది ముందే కడుతున్నారు కాబట్టి వడ్డీ పోను అంత. ఐదో ఏడాదికి అది 15,094 అవుతుంది. మనం 13,095 సమానంగా తీసుకుంటున్నాం. మీరన్నట్టే మొదట ఎక్కువ, చివర తక్కువ.

లక్షమంది దగ్గర మొదటి రోజు 130.95 కోట్లు వసూలైంది. 6 శాతం వడ్డీతో ఏడాది చివరికి 138.81 కోట్లు. 120 కుటుంబాలకి తలా కోటి ఇచ్చేశాం, 18.81 కోట్లు మిగిలాయి. రెండో ఏడాది బతికున్నవాళ్లు 130.80 కోట్లు కట్టారు, వడ్డీ కలిసింది, 129.84 కోట్లు క్లెయిములకి పోయాయి, ఖాతాలో 28.74. మూడో ఏడాది చివర 29.27. నాలుగో ఏడాది నుంచి క్లెయిములు వసూళ్లూ వడ్డీ కలిపినా దాటేస్తాయి, నిల్వ 19.88కి దిగుతుంది. ఐదో ఏడాది చివర్లో ఆఖరి కుటుంబానికి కోటి ఇచ్చాక ఖాతాలో ఉండేది సున్నా. నేను సున్నా అని ఊరికే అనడం లేదు, 13,095 అనే అంకెని అలా సున్నా అయ్యేటట్టు ఎంచుకున్నాం. ప్యూర్ ప్రీమియం సరిగ్గా కట్టామా లేదా అని చూసుకోవడానికి నేను నా దగ్గర పనిచేసే పిల్లలకి చెప్పిన పరీక్ష ఇదొక్కటే. ఏడాది ఏడాది ఖాతా నడిపించండి, చివర సున్నా రాకపోతే ఎక్కడో తప్పుంది.

ఆ మధ్యలో కనపడే నిల్వనే రిజర్వ్ అంటాం. అది ఎక్కువలో ఎక్కువ ఉన్నది మూడో ఏడాది చివర్లో, 29.27 కోట్లు. దాన్ని అప్పటికి బతికున్న 99,610 మందికి పంచండి. తలకి 2,939 రూపాయలు. కోటి రూపాయల కవర్ మీద మూడేళ్లు కట్టాక, మీరు మానేస్తే మీ వాటాగా వదిలేసి వెళ్తున్నది అంత. కట్టిన 39 వేల పైచిలుకులో మిగతాదంతా ఎవరి జేబులోకీ పోలేదు, ఆ మూడేళ్లలో పోయిన 389 మంది ఇళ్లకి చేరింది.

మీది పదేళ్లు కట్టిన దీర్ఘకాల పాలసీ కాబట్టి మీ వాటా దీనికంటే బాగా ఎక్కువే ఉంటుంది, అది నేను కాదనను.

హన్మకొండ_మాస్టారు

ఖాతా చూపించినందుకు కృతజ్ఞతలు సార్. 389 మంది అన్నమాట చదివాక కోపం కొంచెం దిగింది. కానీ ఎక్కువ ఉంటుందని మీరే ఒప్పుకున్నారు కాబట్టి అడుగుతున్నాను, అది ఇవ్వొచ్చు కదా?

ఎన్‌ఆర్‌ఐ_డల్లాస్

మాస్టారూ, అమెరికాలో కూడా మామూలు టర్మ్‌కి ఏమీ తిరిగి ఇవ్వరు. ఇక్కడ 20 ఏళ్ల లెవెల్ టర్మ్ బాగా అమ్ముతారు, ఆ 20 ఏళ్లు దాటాక అదే పాలసీ కొనసాగించాలంటే ప్రీమియం ఒక్కసారిగా ఎన్నో రెట్లు పెరుగుతుంది, అప్పటి నుంచి ఏటా ఆ వయసు రిస్క్‌కి తగ్గట్టు. ఆ బిల్లు వచ్చినప్పుడు ఆరోగ్యంగా ఉన్నవాళ్లు మానేస్తారు, జబ్బులున్నవాళ్లు ఎంతైనా కట్టి ఉంటారు. మా ఆఫీసులో ఒకాయన కిడ్నీ సమస్యతో అలాగే కట్టుకుంటూ ఉన్నాడు.

పాత_యాక్చూరీ

డల్లాస్ తమ్ముడు చెప్పినదాంట్లోనే మాస్టారి ప్రశ్నకి సగం జవాబుంది. మానేసేవాడికి డబ్బు చేతిలో పెడితే ఆరోగ్యంగా ఉన్నవాళ్లు ఇంకా తేలిగ్గా మానేస్తారు, మిగిలినవాళ్లలో మరణాల రేటు టేబుల్లో ఉన్నదానికంటే పైకి పోతుంది. రెండో సగం ఏమిటంటే, కొందరు మానేస్తారని ముందే అంచనా వేసి కొన్ని కంపెనీలు ఆ మేరకు అందరికీ ధర తగ్గించి పెడతాయి. అది సరైన పద్ధతా అంటే, నాకు వ్యక్తిగతంగా ఇష్టం లేదు. మానేసేవాడు సాధారణంగా చేతిలో డబ్బు ఆడనివాడు, వాడి వాటాతో మిగతావాళ్లకి ధర తగ్గించడం నాకు నచ్చదు. దీని మీద మా వాళ్లలోనే ఏకాభిప్రాయం లేదు.

కిరాణా_సుబ్బు

నాదొక సందేహం అన్నా. నాకు బ్యాంకు ఖాతాలోంచి జీవన్ జ్యోతి బీమాకి ఏటా 436 కట్ అవుతుంది, 2 లక్షల కవర్. అంటే కోటికి 50 రెట్లు, 21,800. ఇక్కడేమో 13,095 అంటున్నారు. గవర్నమెంటు స్కీమ్ ఎక్కువా? అందరూ అది చౌక అంటారే.

ఈఎంఐ_శ్రీను

436 మొత్తం ఇన్సూరెన్స్ కంపెనీకి వెళ్లదు సుబ్బన్నా. 395 కంపెనీకి, 30 ఏజెంటుకి లేదా బ్యాంకు మిత్రకి, 11 బ్యాంకుకి. 2022 జూన్ ముందు 330 ఉండేది, అందులో కంపెనీకి 289.

పాత_యాక్చూరీ

మంచి ఉదాహరణ తెచ్చారు సుబ్బు గారూ. మీ వయసెంతో చెప్పలేదు, 35 అనుకుందాం. మీ రిస్క్ ఖరీదు ఏడాదికి 2 లక్షలకి వెయ్యికి 1.2, అంటే 240 రూపాయలు. ఏడాది వడ్డీ తీసేస్తే 226. కంపెనీకి వెళ్తున్న 395 దానికంటే చాలా ఎక్కువే.

అయితే ఆ స్కీములో 18 నుంచి 50 ఏళ్ల వరకు ఎవరు చేరినా అదే 436. డాక్టరు పరీక్ష లేదు, బీపీ, షుగరు అడిగి ధర పెంచరు. 50 ఏళ్ల మనిషికి టేబుల్ రేటు వెయ్యికి 4.4 దాకా ఉంటుంది, 2 లక్షలకి దాదాపు 887 రూపాయలు. ఆయనా 436 కడుతున్నాడు. 395ని 2 లక్షలతో భాగిస్తే వెయ్యికి 1.98 వస్తుంది, అది టేబుల్లో 42 ఏళ్ల మనిషి దగ్గర పడే రేటు. కాబట్టి మీ వయసు 42 కంటే తక్కువ, ఆరోగ్యం బాగుంది అంటే పెద్దవాళ్ల ఖర్చులో కొంత మీరు మోస్తున్నారు. 45 దాటారంటే అంత చౌకగా బయట దొరకదు. అందరికీ ఒకే ధర పెట్టినప్పుడు సగటు ఎప్పుడూ చేరేవాళ్ల వయసుని బట్టి జరుగుతుంది. పెద్దవాళ్లు ఎక్కువగా చేరితే ధర చాలదు, 330 ధర 436 కావడానికి కారణం క్లెయిములు వసూళ్లని మించడమే.

కిరాణా_సుబ్బు

నాకు 47. అయితే ఉంచుకుంటాను.

రాజా_విజయనగరం

మరి నాకు ఆన్‌లైన్‌లో కోటికి చూపించిన ధర మీ ప్యూర్ ప్రీమియం కంటే తక్కువగా ఉంది, వయసు 36. ఖర్చులు కలపకుండానే మీ లెక్క వాళ్ల ధరని దాటేసింది. ఈ లెక్కలన్నీ పుస్తకాలకే అనుకుంటా.

పాత_యాక్చూరీ

రాజా గారూ, లెక్క సరైందే, అందులో వేసిన మరణాల రేటు మీది కాదు. పద్మ గారి లెక్కలో రేట్లు ఐఏఎల్ఎం 2012-14 మరణాల టేబుల్‌కి దగ్గరగా గుండ్రంగా వేసినవి. ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ యాక్చూరీస్ ఆఫ్ ఇండియా ఆ టేబుల్ని మన దేశంలో పాలసీలున్నవాళ్ల అనుభవంతో కట్టింది. అందులో సిగరెట్ తాగేవాళ్లు, తాగనివాళ్లు, డాక్టరు పరీక్ష లేకుండా పాలసీ తీసుకున్నవాళ్లు అందరూ కలిసే ఉన్నారు. మీకు ధర చూపించేముందు వాళ్లు మిమ్మల్ని పొగతాగుతారా, ఎంత సంపాదిస్తారు, ఏం చదివారు అని అడిగారు కదా. మీలాంటివాళ్లకి ఆ టేబుల్ రేటులో ఇంత శాతం అని వేసుకుంటారు. టేబుల్లో 60 శాతమే అనుకుంటే పద్మ గారి 13,095 దాదాపు 7,850 అవుతుంది, ఎందుకంటే ఇంత చిన్న రేట్ల దగ్గర ప్రీమియం దాదాపు అదే నిష్పత్తిలో తగ్గుతుంది. దాని మీద ఖర్చులు, కమిషన్, రీఇన్సూరెన్స్, మార్జిన్ కలిపినా మీరు చూసిన ధర రావచ్చు. వ్యక్తిగత జీవిత బీమాకి 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ కూడా లేదు కాబట్టి కనిపించే ధర ఇంకా తగ్గింది.

అందుకే ఫారంలో పొగతాగే సంగతి దాచొద్దని చెబుతాను. ఆ ధర ఒక గుంపు కోసం కట్టింది, మీరు ఆ గుంపులో లేకపోతే క్లెయిమ్ రోజున ఆ విషయమే బయటికొస్తుంది.

హన్మకొండ_మాస్టారు

ఇంకొక విషయం అడగాలి. మా ఉపాధ్యాయుల సంఘంలో వెయ్యిమంది దాకా ఉన్నాం. ఎవరైనా పోతే కుటుంబానికి 10 లక్షలు ఇద్దామని ఒక ప్రతిపాదన వచ్చింది. వెయ్యికి 1.2 అంటే తలా 1,200 చాలు కదా? 12 లక్షలు వసూలవుతాయి, ఏడాదికి ఒకరు పోతారు, ఇంకా రెండు లక్షలు మిగులుతాయి. కంపెనీలకి కట్టడం ఎందుకు అంటున్నారు మావాళ్లు.

ఈఎంఐ_శ్రీను

లెక్క ప్రకారం సరిపోతుంది మాస్టారూ. ప్యూర్ ప్రీమియమే అది, కమిషన్ మిగిలిపోతుంది.

పాత_యాక్చూరీ

వద్దు మాస్టారూ, దయచేసి ఇలా మొదలుపెట్టకండి. శ్రీను గారూ, ఇక్కడ మాత్రం మీ మాట ప్రమాదకరం.

అంచనా విలువ అంటే సగటు మాత్రమే, ఆ ఏడాది అంతే మంది పోతారని హామీ కాదు. లక్షమంది ఉన్నప్పుడు 120 మరణాల అంచనాకి అటూ ఇటూ 22 తేడా రావడం మామూలు, అంటే 98 నుంచి 142 దాకా. 120 మీద 22 అంటే ఐదో వంతు కూడా కాదు, కంపెనీ తట్టుకుంటుంది. వెయ్యిమందిలో అంచనా 1.2 మరణాలు. ఒక్కరూ పోకపోవడానికి వందకి 30 అవకాశాలున్నాయి. ఆ ఏడాది అందరూ స్కీము బ్రహ్మాండం అంటారు. కానీ ముగ్గురు లేదా అంతకంటే ఎక్కువమంది పోవడానికి వందకి 12 అవకాశాలున్నాయి. దాదాపు ఎనిమిదేళ్లకొకసారి. అప్పుడు 30 లక్షలు కావాలి, మీ దగ్గర 12 ఉంటాయి. మూడో ఇంటికి వెళ్లి ఏం చెబుతారు?

మొదటి రోజునే 40 లక్షల నిధి చేతిలో ఉంటే, ఏడాదిలో అది చాలకపోయే అవకాశం వందకి ఒకటి కంటే తక్కువ. ఆ నిధి ఎవరు పెడతారు అన్నదే అసలు ప్రశ్న, కంపెనీలో అది వాటాదారుల పెట్టుబడి. ఇంకొకటి, 1.2 అనేది 35 ఏళ్ల రేటు. మీ సంఘంలో సగటు వయసు 45 దగ్గరుంటే రేటు వెయ్యికి 2.6 దాకా ఉంటుంది, అంచనా ఖర్చే 26 లక్షలవుతుంది. పైగా ఇంత ఇస్తామని ముందే హామీ ఇచ్చి డబ్బు వసూలు చేస్తే అది బీమా వ్యాపారం కిందికి వస్తుంది, దానికి బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ రిజిస్ట్రేషన్ కావాలి. గ్రూప్ టర్మ్ పాలసీ కోసం కొటేషన్లు అడగండి, వెయ్యిమందికి బాగానే ఇస్తారు.

హన్మకొండ_మాస్టారు

మూడో ఇంటి మాట మావాళ్లకి చెప్తాను. ఎవరైనా పోయాక తలా వెయ్యి పోగుచేసి వచ్చినంత ఇచ్చే పాత పద్ధతి మాకు ఎలాగూ ఉంది. దానికి అభ్యంతరం ఉండదేమో?

పాత_యాక్చూరీ

దాంట్లో ముందు హామీ లేదు కాబట్టి మునిగిపోయే ప్రమాదం లేదు. కానీ ఒకే ఏడాది నాలుగుసార్లు అడిగితే నాలుగోసారి ఎంతమంది ఇస్తారో మీకు తెలుసు. చట్టం సంగతి లాయరుని అడగండి, అది నా రంగం కాదు.

పద్దుల_పద్మ

సార్, ఒక్కటి కలపాలి. లక్షమందికి 22 తేడా అన్నారు, అది ఒకరి మరణానికీ ఇంకొకరి మరణానికీ సంబంధం లేదనుకుంటే కదా. 2021లో కరోనా రెండో వేవ్‌లో అందరికీ ఒకేసారి క్లెయిములు పెరిగాయి. అప్పుడు లక్షమంది ఉన్నా, కోటిమంది ఉన్నా ఒకటే కదా?

పాత_యాక్చూరీ

అవునమ్మా. గుంపు పెద్దదైతే తగ్గేది అదృష్ట దురదృష్టాల తేడా మాత్రమే. రేటే తప్పయితే గుంపు ఎంత పెద్దదైనా నష్టం అంతే పెద్దదవుతుంది. ఆ తర్వాత రీఇన్సూరెన్స్ కంపెనీలు రేట్లు పెంచాయి, ఇక్కడ టర్మ్ ధరలూ పెరిగాయి. ప్యూర్ ప్రీమియంలో ఇలాంటిదానికి చోటు లేదు, అందుకే మార్జిన్ విడిగా పెడతారు. ఎంత పెట్టాలి అన్నదానికి నా దగ్గర ఒక్క జవాబు లేదు, నేను పనిచేసిన ప్రతిచోటా దాని మీదే ఎక్కువ వాదనలు జరిగేవి.

ఎన్‌ఆర్‌ఐ_డల్లాస్

వడ్డీ రేటు గురించి ఎవరూ అడగలేదే. 6 శాతం ఎక్కడి నుంచి వచ్చింది? అది మారిస్తే అంతా మారిపోదా?

పద్దుల_పద్మ

ఇప్పుడే మీ కోడ్‌లో 7 శాతం పెట్టి చూశాను. సింగిల్ ప్రీమియం 56,701, ఏటా కట్టేది 12,955. అంటే వడ్డీ ఒక శాతం పెరిగినా ఏటా కట్టేదాంట్లో 140 రూపాయలే తగ్గింది. నేను చాలా తగ్గుతుందనుకున్నాను.

పాత_యాక్చూరీ

ఎందుకో ఇప్పటికే మీ ఖాతాలో కనపడింది. వడ్డీ సంపాదించాలంటే డబ్బు నిల్వ ఉండాలి. ఇక్కడ వచ్చిన ప్రీమియం చాలావరకు ఆ ఏడాది క్లెయిములకే పోతోంది, తలకి మూడు వేలు కూడా నిల్వ లేదు. అదే మరణాల రేటు పది శాతం పెంచి చూడండి, ప్రీమియం కూడా దాదాపు పది శాతం, పదమూడు వందలు పెరుగుతుంది. పొట్టి టర్మ్‌కి ధర కట్టేవాడు రాత్రి నిద్రపోకుండా ఆలోచించాల్సింది మరణాల రేటు గురించే. 30, 40 ఏళ్ల టర్మ్ అయితే నిల్వ పెద్దదవుతుంది, అప్పుడు వడ్డీ కూడా ముఖ్యమవుతుంది. 6 శాతమా, 6.5 శాతమా అంటే ఆ కాలానికి ప్రభుత్వ బాండ్ల మీద ఏం వస్తుందో చూసి, కొంచెం తగ్గించి వేసుకుంటారు.

ఇంకొక సర్దుబాటు చేసి చూడండి. మీ లెక్కలో క్లెయిమ్ ఏడాది చివర్లో ఇస్తున్నారు. నిజానికి మరణాలు ఏడాదంతా పరుచుకుని ఉంటాయి, డబ్బు సగటున ఆరు నెలలు ముందే వెళ్లిపోతుంది. ఆరు నెలల వడ్డీ కలపండి.

పద్దుల_పద్మ

58,329ని 1.06 వర్గమూలంతో గుణించాను. 60,053 వచ్చింది. దాన్ని 4.4542తో భాగిస్తే 13,482. వడ్డీ ఒక శాతం మార్చిన దానికంటే ఈ ఆరు నెలల తేడానే పెద్దది!

సార్, రేపు ఇదే మనిషికి 25 ఏళ్ల టర్మ్‌తో మొదట్నుంచి వేసి, ఏడాది ఏడాది ఖాతా కూడా నడిపి ఇక్కడ పెడతాను. రిజర్వ్ ఏ ఏడాది అన్నిటికంటే ఎత్తుకి చేరుతుందో చూడాలనుంది.

హన్మకొండ_మాస్టారు

పద్మ గారూ, పదో ఏడాది చివర తలకి ఎంత వస్తుందో అది మాత్రం విడిగా రాయండమ్మా.